ప్రశ్నించే పద్ధతులపై ఒకరోజు ఉపాధ్యాయ శిక్షణ: కార్యక్రమ ప్రణాళిక

తేదీ, సమయం: నవంబరు మూడో శనివారం, ఉదయం 9.30 నుంచి సాయంత్రం 4.15 వరకు
స్థలం: సముదాయ కేంద్ర ఉన్నత పాఠశాల, సైన్సు ప్రయోగశాల పక్క గది
హాజరయ్యేవారు: సముదాయంలోని 36 మంది ఉపాధ్యాయులు (ప్రాథమిక 14, ఉన్నత 22)
నిర్వహణ: ఇద్దరు రిసోర్స్ పర్సన్లు
వెంట తెచ్చుకోవలసినవి: వచ్చే వారం చెప్పబోయే పాఠం ఉన్న పాఠ్యపుస్తకం, సెకన్లు చూపించే గడియారం లేదా ఫోను

ఈ శిక్షణ ఎందుకు

పాఠం మధ్యలో ఆగి "అర్థమైందా?" అని అడిగితే తరగతి మొత్తం "అర్థమైంది సార్" అంటుంది. యూనిట్ పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడుగాని ఎవరికి అర్థం కాలేదో మనకు తెలియదు. అంతకుముందే, పాఠం నడుస్తుండగానే తెలుసుకోవాలంటే మనకున్న సాధనం ప్రశ్న ఒక్కటే. దానికి డబ్బు, పరికరాలు అక్కర్లేదు. ముందుగా ఆలోచించి రాసుకున్న ప్రశ్న, అడిగాక ఆగే ఓపిక ఉంటే చాలు.

ప్రశ్నల స్థాయిలను, వర్గీకరణలను మనమంతా డీఎడ్‌లో, బీఎడ్‌లో చదువుకున్నవాళ్లమే కాబట్టి వాటి మీద ఉపన్యాసం పెట్టలేదు. రోజులో ఎక్కువ భాగం ఉపాధ్యాయులే రాస్తారు, అడుగుతారు, ఒకరినొకరు గమనిస్తారు. సాయంత్రానికి ప్రతి ఒక్కరి చేతిలో వచ్చే వారం పాఠానికి మూడు మంచి ప్రశ్నలు సిద్ధంగా ఉండాలి. ఈ శిక్షణకు లక్ష్యం అదొక్కటే.

రోజు క్రమం

9.30 – నమోదు, టీ, ఆరుగురు చొప్పున ఆరు బృందాలు
9.50 – కృత్యం 1: ఒక తరగతిని విందాం
10.30 – కృత్యం 2: ప్రశ్నను తిరగరాద్దాం
11.30 – విరామం
11.45 – కృత్యం 3: అడిగాక ఆగుదాం
12.45 – భోజనం
1.30 – కృత్యం 4: సూక్ష్మ బోధన
2.45 – టీ
3.00 – కృత్యం 5: ముందుకు వెళ్లాలా, ఆగాలా?
3.40 – సొంత పాఠానికి మూడు ప్రశ్నలు
4.00 – అభిప్రాయ పత్రం

ప్రారంభ సభ, సన్మానాలు, ముఖ్య అతిథి ప్రసంగం వద్దనుకున్నాం. ఆ గంట సమయం సూక్ష్మ బోధనకు కావాలి.

కృత్యం 1. రిసోర్స్ పర్సన్ తన 7వ తరగతిలో రికార్డు చేసుకున్న ఆరు నిమిషాల పాఠాన్ని వినిపిస్తారు. వింటూ మూడు సంగతులు గీతలు పెట్టి లెక్కించాలి: ఉపాధ్యాయుడు అడిగిన ప్రశ్నలు, వాటిలో ఒక్క మాటతో జవాబు చెప్పగలిగినవి, ఆయనే జవాబు చెప్పేసినవి. తరువాత బృందాలు తమ లెక్కలను పోల్చుకుంటాయి. ఆ ఉపాధ్యాయుణ్ని మెచ్చుకోవడం, తప్పుపట్టడం ఇక్కడ పని కాదు. విన్నది లెక్కించడం అలవాటు చేసుకోవడానికే ఇది.

కృత్యం 2. ప్రతి బృందానికీ నాలుగు మామూలు ప్రశ్నలు ఇస్తాం. పాఠ్యాంశం మార్చకుండా, పిల్లవాడు ఆలోచిస్తే తప్ప జవాబు రానట్టు వాటిని తిరగరాయాలి. మచ్చుకు గణితం నుంచి ఒకటి:

మామూలు ప్రశ్న: పొడవు 8 సెం.మీ., వెడల్పు 4 సెం.మీ. ఉన్న దీర్ఘచతురస్రం చుట్టుకొలత ఎంత?
తిరగరాసినది: చుట్టుకొలత 24 సెం.మీ. వచ్చేలా మీకు వీలైనన్ని దీర్ఘచతురస్రాలు గీయండి. అన్నింటి వైశాల్యమూ ఒకటేనా?

మొదటి ప్రశ్నకు సూత్రం గుర్తుంటే చాలు. రెండోదానిలో ఒకరు 11, 1 తీసుకుంటారు, వైశాల్యం 11 చదరపు సెం.మీ. వస్తుంది. ఇంకొకరు 7, 5 తీసుకుని 35 తెస్తారు. అన్ని భుజాలూ 6 తీసుకున్నవారికి 36 వస్తుంది. అది చతురస్రం కదా, దీర్ఘచతురస్రాల్లో చేర్చవచ్చా అని వాదన మొదలవుతుంది. చేర్చవచ్చు. అయితే ఆ మాట మనం వెంటనే చెప్పకూడదు. అంత మంచి చర్చ తరగతిలో అరుదుగా దొరుకుతుంది.

విజ్ఞానశాస్త్రంలో "కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటి?" అనే ప్రశ్నకు బదులు "ఒక కుండీని వారం రోజులు చీకటి గదిలో ఉంచితే ఆకులు ఎలా మారతాయి? ఎందుకని?" అని అడగవచ్చు. మిగిలిన ప్రశ్నలను బృందాలే తయారుచేసి చార్టు మీద రాసి గోడకు అంటించాలి.

కృత్యం 3. రోజు మొత్తంలో ముఖ్యమైనది ఇదే. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970ల్లో విజ్ఞానశాస్త్ర తరగతుల రికార్డింగులను పరిశీలించి, ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని గుర్తించారు. ఆ విరామం మూడు సెకన్లకు పెరిగినప్పుడు జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండిపోయే పిల్లలు తగ్గారు. పిల్లవాడు జవాబు చెప్పాక ఆగడం కూడా అంతే ముఖ్యమని ఆమె చూపించారు.

ఇక్కడ జంటలుగా సాధన చేస్తాం. ఒకరు ప్రశ్న అడిగి మనసులో అయిదు వరకు లెక్కపెట్టుకోవాలి. ఆ తరువాతే పేరు పిలవాలి. పేరు ముందే పిలిస్తే మిగతా పిల్లలు ఆలోచించడం మానేస్తారు. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో, రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టే చోట ఇది కష్టమని తెలుసు. అందుకే చివరి 20 నిమిషాలు ప్రాథమిక ఉపాధ్యాయులు విడిగా కూర్చుని, ఒక తరగతికి ప్రశ్న ఇచ్చి రెండో తరగతి వైపు తిరిగే వీలును చర్చిస్తారు.

కృత్యం 4. బృందంలో ఒకరు అయిదు నిమిషాలు పాఠం చెబుతారు, నలుగురు విద్యార్థులవుతారు, ఒకరు పరిశీలకులు. పరిశీలకులు ప్రతి ప్రశ్ననూ ఉన్నదున్నట్టు రాసి, దాని పక్కన ఎన్ని సెకన్లు ఆగారో, జవాబు ఎవరు చెప్పారో, ఆ జవాబును ఉపాధ్యాయులు ఏం చేశారో నమోదు చేస్తారు. తరువాత నాలుగు నిమిషాలు చర్చ. ఆరుగురికీ అవకాశం రావాలి. విద్యార్థులుగా ఉన్నవారిలో ఒకరు కావాలనే తప్పు జవాబు చెప్పాలి. "కాదు, కూర్చో" అనకుండా "ఎలా అనుకున్నావు?" అని అడగడం అక్కడే అలవాటవుతుంది.

కృత్యం 5. పాఠంలో తరువాతి అంశానికి వెళ్లవచ్చా అని తేల్చుకునే ప్రశ్నలు తయారుచేయాలి. ఉదాహరణ: 0.4, 0.35లలో ఏది పెద్దది? 35 పెద్ద సంఖ్య కాబట్టి 0.35 అనే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. పలకల మీద రాసి అందరినీ ఒకేసారి పైకెత్తమంటే ఒక్క చూపులో తెలిసిపోతుంది. చేతులెత్తినవారినే అడిగితే ఈ పిల్లలు కనిపించరు.

అభిప్రాయ పత్రం

పేరు రాయనక్కరలేదు. బోధించే స్థాయి, విషయం రాస్తే చాలు.

1. మీ తరగతికి బాగా పనికివచ్చే కృత్యం ఏది? 1 / 2 / 3 / 4 / 5. కారణం ఒక వాక్యంలో రాయండి.
2. సమయం చాలని కృత్యం ఏది? అనవసరంగా సాగినది ఏది?
3. సూక్ష్మ బోధనలో మీ పరిశీలకులు చెప్పినదానిలో మీకు కొత్తగా తెలిసింది ఏమిటి?
4. వచ్చే వారం అడగబోయే మూడు ప్రశ్నల్లో ఒకదాన్ని ఇక్కడ రాయండి. దానికి పిల్లలు చెప్పే అవకాశమున్న తప్పు జవాబు కూడా రాయండి.
5. ప్రశ్న అడిగాక ఆగడానికి మీ తరగతిలో అడ్డు వచ్చేది ఏది? సిలబస్ ఒత్తిడి / పిల్లల సంఖ్య / బహుళ తరగతులు / అల్లరి / మరొకటి
6. ఈ శిక్షణ మీ అవసరాలకు ఎంతవరకు సరిపోయింది? పూర్తిగా / చాలావరకు / కొంత / లేదు
7. మీ తరగతికి వచ్చి పరిశీలించడానికి తోటి ఉపాధ్యాయులను అనుమతిస్తారా? అవును / ఇప్పుడే కాదు

నాలుగో ప్రశ్నకు వచ్చిన జవాబులను విషయాలవారీగా ఒకచోట చేర్చి, సోమవారంలోగా అన్ని పాఠశాలలకూ పంపుతాం. డిసెంబరు సముదాయ సమావేశంలో మొదటి అరగంట వీటికే: ఆ ప్రశ్న అడిగినప్పుడు పిల్లలు ఏమన్నారో, వారి మాటల్లోనే రాసుకుని రండి.