విషయం: మీ పోచంపల్లి పట్టుచీర ఆలస్యం – క్షమాపణ, 21న డెలివరీ

పద్మగారికి నమస్కారం.

ఆగస్టు 12కల్లా అందుతుందని చెప్పిన చీర మీకు ఇంకా చేరలేదు. దయచేసి మమ్మల్ని క్షమించండి. ఆలస్యమవుతుందని మాకు 8వ తేదీనే తెలుసు. ఆ రోజే మీకు ఫోన్ చేయాల్సింది, చేయలేదు. ఆ తప్పు పూర్తిగా మాదే. రెండుసార్లు మీరే ఫోన్ చేసి అడగాల్సి రావడం మాకు చాలా బాధగా ఉంది.

జరిగింది ఇది: వారం రోజులు ముసురు పట్టడంతో రంగు వేసిన పోగులు ఆరలేదు. తడి మీదే మగ్గం ఎక్కిస్తే రంగు పక్క పోగుకు పాకి, మీరు కోరిన చిలకల అంచు మసకబారుతుంది. అందుకే నేతగారు ఆగారు. ఇప్పుడు పోగులు ఆరాయి, నేత కొంగు దాకా వచ్చింది. ఈ ఉదయం తీసిన ఫొటో జతచేశాను, చూడండి.

చీర 21, గురువారం సాయంత్రం 6 గంటలలోపు విజయవాడలో మీ ఇంటికి చేరుతుంది. ఈసారి కొరియర్‌కు ఇవ్వడం లేదు, మా మనిషే బస్సులో తెచ్చి మీ చేతికిస్తాడు. 24న మీ చెల్లెలి నిశ్చితార్థం కాబట్టి బ్లౌజు కుట్టించుకోవడానికి సమయం చాలదని తెలుసు. బ్లౌజు ముక్క సిద్ధంగానే ఉంది, రేపే స్పీడ్ పోస్టులో పంపుతున్నాం.

చీర ధర 14,500లో పది శాతం, 1,450 రూపాయలు, కొరియర్‌కు తీసుకున్న 150తో కలిపి మొత్తం 1,600 ఈ రోజే మీ యూపీఐకి వెనక్కి పంపాం. 21 సాయంత్రానికి చీర అందకపోతే మిగతా డబ్బు కూడా మర్నాడే తిరిగి ఇస్తాం. చీర వద్దనుకుంటే ఇప్పుడే చెప్పినా సరే, పూర్తి డబ్బు ఇచ్చేస్తాం.

ఏ సందేహం ఉన్నా ఈ మెయిల్‌కే జవాబివ్వండి, నేనే చూస్తాను.

ఇట్లు,
శ్రీనివాస్
ఆర్డర్ల బాధ్యుడు