ఊరికే డబ్బులొస్తే పనెవడు చేస్తాడు?

మా మావయ్య రిటైరై ఆరేళ్లయింది, పొద్దున్నే బీచ్ రోడ్డులో వాకింగ్ చేసొచ్చి టీ తాగుతూ ఆయన అనే మాట ఒకటే, "నెలనెలా అకౌంట్లో డబ్బులు పడిపోతే ఇంకేటి పని సేత్తారు బావూ, కూలోడు దొరకడు, పనమ్మాయి దొరకదు, ఊరంతా పడుకుంటాది". యూనివర్సల్ బేసిక్ ఇన్‌కమ్, పొట్టిగా యూబీఐ, అంటే ఉన్నోడు లేనోడు అని చూడకుండా, పని చేస్తున్నావా లేదా అని అడక్కుండా, ప్రతి మనిషికీ నెలనెలా కొంత డబ్బు ఇవ్వడం. నేను దీనికి అనుకూలం. కానీ మావయ్య మాటని నవ్వేసి పక్కన పెట్టే రకం కాదు నేను, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది, ఆ కొంత ఎంతో తేల్చకుండా యూబీఐ గురించి ఎన్ని పేజీలు రాసినా దండగే.

ముందే ఒప్పుకుంటా. కొంతమంది కొంత పని తగ్గిస్తారు. అమెరికాలో టెక్సస్, ఇల్లినాయ్ రాష్ట్రాల్లో ఒక ప్రయోగం చేశారు, తక్కువ ఆదాయం ఉన్న వెయ్యిమందికి నెలకి వెయ్యి డాలర్ల చొప్పున మూడేళ్లు ఇచ్చారు, 2024లో ఫలితాలొచ్చాయి. పోల్చి చూడ్డానికి పెట్టుకున్న వాళ్లకంటే డబ్బు తీసుకున్నవాళ్లు వారానికి గంటా ఇరవై నిమిషాలు తక్కువ పని చేశారు, ఉద్యోగంలో ఉన్నవాళ్ల శాతం కూడా రెండు పాయింట్లు తగ్గింది. యూబీఐని సపోర్ట్ చేసేవాళ్లు చాలామంది ఈ ప్రయోగం పేరెత్తరు, ఫిన్లాండ్ దగ్గర మొదలెట్టి కెన్యా దగ్గర ఆపేస్తారు. అలా దాచిపెడితే మావయ్య లాంటివాళ్లు ఎప్పుడో ఒకరోజు అది పట్టుకొచ్చి మొహం మీద పెడతారు, అప్పుడు మనం చెప్పిన మిగతావి కూడా అబద్ధాలే అనుకుంటారు.

సరే, గంటా ఇరవై నిమిషాలు. మావయ్య భయం మాత్రం ఊరంతా పడుకుంటుందని కదా. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం చూడండి ముందు. అసలు నాకు ముఖ్యం అనిపించేది ఎంత తగ్గింది అన్నదానికంటే ఏ పని తగ్గింది అన్నది. కెనడాలో డాఫిన్ అనే చిన్న ఊళ్లో 1970ల్లో ఎవరి ఆదాయమూ ఒక లెవెల్ కిందకి పడకుండా చూసే ప్రయోగం చేశారు, అక్కడ పని బాగా తగ్గించింది ఎవరంటే కొత్తగా తల్లులైనవాళ్లు, టీనేజ్ అబ్బాయిలు. వీళ్లలో ఒకళ్లు బిడ్డని చూసుకున్నారు, రెండోవాళ్లు స్కూలు మధ్యలో మానకుండా కొనసాగారు. దీన్ని బద్ధకం అని ఎవరైనా అంటే నా దగ్గర సమాధానం లేదు, వాళ్లింట్లో వాళ్లని అడగమంటాను.

మన దేశంలోదే చెప్పమంటారా, 2011-12లో మధ్యప్రదేశ్‌లో 'సేవా' అనే మహిళా కార్మికుల సంఘం యూనిసెఫ్ సాయంతో కొన్ని గ్రామాల్లో పెద్దవాళ్లకి నెలకి 200, పిల్లలకి 100 ఇచ్చింది, ఏడాది తర్వాత 300, 150 చేసింది. జనం పని మానలేదు, మార్చుకున్నారు. కూలికెళ్లే రోజులు తగ్గి సొంత పొలం మీద, సొంత చిన్న వ్యాపారం మీద పని పెరిగింది. కెన్యాలో చేసిన ప్రయోగంలో కూడా ఇంచుమించు ఇదే, కూలి తగ్గింది, సొంత పని పెరిగింది, మొత్తం మీద పని తగ్గలేదు.

ఇక్కడే మావయ్య కంటే తెలివైన ప్రశ్న ఒకటి మా ఫ్రెండ్ వేశాడు. "ఒరేయ్, ఇవన్నీ రెండు మూడేళ్ల ప్రయోగాలు, డబ్బు ఆగిపోతుందని వాళ్లకి తెలుసు, తెలిసినోడు ఉద్యోగం ఎందుకు వదులుకుంటాడు, జీవితాంతం ఇస్తామంటే అప్పుడు చూడు" అన్నాడు. ఇది గట్టి పాయింట్. నా దగ్గరున్న పేకముక్క అలాస్కా. అక్కడ 1982 నుంచి చమురు డబ్బుతో పెట్టిన ఫండ్‌లోంచి ఏటా ప్రతి మనిషికీ, పసిపిల్లలతో సహా, డబ్బు ఇస్తున్నారు, చాలా ఏళ్లు అది వెయ్యి నుంచి రెండు వేల డాలర్ల మధ్య ఉంటుంది. నలభై ఏళ్లు దాటింది, దాన్ని ఎవరూ తాత్కాలికం అనుకోరు. ఉద్యోగాలు చేసేవాళ్ల శాతం తగ్గలేదని, పార్ట్ టైం మాత్రం కొంచెం పెరిగిందని లెక్కలు తీసినవాళ్లు చెప్పారు. మా వాడు ఊరుకోలేదు, "ఏడాదికి వెయ్యి డాలర్లతో అమెరికాలో ఎవడు బతుకుతాడు, అది బోనస్ లాంటిది" అన్నాడు. అదీ కరెక్టే. బతకడానికి పూర్తిగా సరిపోయేంత డబ్బు, జీవితాంతం, దేశం మొత్తానికి, ఇంతవరకు ఎవరూ ఇచ్చి చూడలేదు. కాబట్టి అంత పెద్ద మొత్తం గురించి నేను గ్యారంటీ ఇవ్వను, నేను వాదించేది చిన్న మొత్తం గురించే.

ఫిన్లాండ్ సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. 2017, 2018లో రెండు వేల మంది నిరుద్యోగులకి నెలకి 560 యూరోలు, ఉద్యోగం దొరికినా ఆపకుండా ఇచ్చారు, మిగతా నిరుద్యోగుల కంటే వాళ్లు ఏడాదిలో సగటున ఓ ఆరు రోజులు ఎక్కువ పని చేశారు. మధ్యలో 2018లో నిరుద్యోగ భృతి రూల్స్ కూడా మారాయి కాబట్టి ఆ ఆరు రోజులూ నా ఖాతాలో వేసుకోను, తగ్గలేదు అన్నంత వరకే తీసుకుంటా.

చిన్న మొత్తం అన్నాను కదా, అది ఎంతో చూద్దాం. 2016-17 ఎకనామిక్ సర్వేలో అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ దీనికి ఒక చాప్టరే కేటాయించారు, అందులో వేసిన లెక్క మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు. అంటే నెలకి 635. జనాభాలో 75 శాతానికి ఇస్తే జీడీపీలో 4.9 శాతం ఖర్చు. ఇప్పుడు ధరలు పెరిగాయి కాబట్టి వెయ్యి అనుకోండి. నెలకి వెయ్యి రూపాయలకి వైజాగ్‌లో ఎవడు పని మానేస్తాడు, గాజువాక నుంచి జగదాంబకి రోజూ వెళ్లొచ్చే ఖర్చులకే చాలవు.

దానికి వెంటనే వచ్చే మాట, "మరి అంత తక్కువైతే దేనికి పనికొస్తుంది?" ఈ ప్రశ్న వేసినవాళ్లని ఒకసారి పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి తీసుకెళ్లాలనిపిస్తుంది. మా వీధిలో ఒక అత్త చేపలమ్ముతుంది. తెల్లారకముందే హార్బర్‌కి వెళ్లి వేలంపాటలో సరుకు కొనుక్కుని, గంపలో ఐసేసుకుని ఆటోలో ఎంవీపీ కాలనీ వైపు వస్తుంది. పాటలో చేతిలో డబ్బున్నవాళ్లకి ఒక రేటు, అప్పు మీద దళారి దగ్గర తీసుకునేవాళ్లకి ఇంకో రేటు. అత్త డైలీ ఫైనాన్స్‌లో పది వేలు తీసుకుంటే చేతికి తొమ్మిది వేలే వస్తాయి, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. ఒకరోజు జ్వరమొచ్చి వెళ్లకపోయినా ఆ వంద ఆగదు. ఆ ఇంట్లో నలుగురు, మనిషికి వెయ్యి అంటే నెలకి నాలుగు వేలు, అంటే మూడు నెలలు ఓపిక పడితే ఆ పది వేల అప్పు అసలు అక్కర్లేదు. అప్పుడు అత్త పని మానేస్తుందా? ఇదే అడిగితే గంప దించకుండానే "మానేసి ఏటి సెయ్యాల, నీ కాడ కూకోవాలా" అంది. వంజరం పాటలో దళారి మొహం చూడక్కర్లేకుండా తనే పాడుకోవచ్చు అన్నదొక్కటే ఆవిడ ఆలోచన.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ టైంలో మత్స్యకారులకి ప్రభుత్వం భృతి ఇస్తుంది. జూన్ 15న బోట్లు కట్టేసి ఉంటాయా అని నేను మావయ్యని అడిగాను. ఆ ఉదాహరణ పూర్తిగా న్యాయమైంది కాదని నాకే తెలుసు, అది వేట ఆపినందుకు ఇచ్చే పరిహారం, రెండు నెలలదే, యూబీఐ కాదు. అయినా ఆ రెండు నెలల్లో హార్బర్‌లో వలలు బాగుచేసుకునేవాళ్లు, బోట్లకి రంగులేసుకునేవాళ్లు ఎంతమందో ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

ఆ డబ్బు తాగేస్తారు అనే మాట గురించి ఎక్కువ రాయను. నగదు సాయం, మద్యం, సిగరెట్ల మీద వివిధ దేశాల్లో జరిగిన 19 అధ్యయనాల్ని ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు కలిపి చూస్తే ఖర్చు పెరిగిన దాఖలా కనపడలేదు. తాగేవాడు ఇప్పుడూ తాగుతున్నాడు, భార్య డబ్బుతో.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ఇంకోటుంది. కాలవల్లో దిగి పూడిక తీసేవాళ్లు, ఎండలో కాంక్రీటు మోసేవాళ్లు, వేరే గతి లేక చేస్తున్న పనులు. వాళ్లకి కాస్త ఆసరా దొరికితే ఆ రేటుకి రారు. మావయ్య "కూలోడు దొరకడు" అన్నది ఇదే, నేను దీన్ని కాదనను. రారు కాబట్టి రేటు పెంచాలి, లేదా మెషీన్ కొనాలి. దీనివల్ల అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ పెరుగుతుంది, ఇల్లు కట్టే ఖర్చు పెరుగుతుంది, మా ఇంటి బిల్లు కూడా పెరుగుతుంది. ఆ నష్టం నాకు సరే అనిపిస్తుంది, మీకు అనిపించకపోవచ్చు, కానీ దాన్ని బద్ధకం అని పిలవొద్దు, అది బేరమాడే శక్తి. పన్నులు కట్టేవాళ్లలో ఉత్సాహం పోతుందనే వాదన కూడా ఉంది, పన్ను ఎంత పెంచుతారు అన్నదాన్ని బట్టి అది నిజమూ కావచ్చు, 4.9 శాతం అంటే తమాషా కాదు.

కానీ పని మీద ఆసక్తి చంపేవి ఇప్పుడున్న స్కీముల్లోనే ఉన్నాయి కదా. పట్నంలో ఇంటి నెల ఆదాయం 12,000 దాటితే కట్, కరెంటు 300 యూనిట్లు దాటితే కట్, టాక్సీ కాకుండా కారుంటే కట్. గీత ఇవతల ఉంటే అన్నీ వస్తాయి, ఒక్క అడుగు దాటితే ఏదీ రాదు. మా కంచరపాలెంలో ఒకాయన కొడుక్కి పదమూడు వేల ఉద్యోగం వస్తే ఇంట్లో సంబరం బదులు రెండు రోజులు లెక్కలు వేసుకున్నారు, చేరాలా వద్దా, చేరితే ఏవేం పోతాయి అని. అందరికీ ఇచ్చేదైతే ఆ లెక్కే ఉండదు, ఎంత సంపాదించినా ఆ వెయ్యి అలాగే ఉంటుంది, సంపాదించిందంతా అదనమే. మావయ్య కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మరి నాక్కూడా ఇత్తారా" అన్నాడు. ఇస్తారు, పెన్షన్ వస్తున్నా సరే ఇస్తారు. పెన్షన్ వస్తోందని ఆయనేం పడుకోలేదు, అపార్ట్‌మెంట్ లెక్కలన్నీ ఇప్పటికీ ఆయనే చూస్తాడు.

ఒక్క షరతు మీద మాత్రం నేను మావయ్య పక్కకి వెళ్లిపోతా. ఈ వెయ్యి ఇస్తున్నాం కాబట్టి రేషన్ బియ్యం ఆపేస్తాం, ప్రభుత్వాసుపత్రికి డబ్బులు తగ్గిస్తాం, వృద్ధులకి ఇచ్చే నాలుగు వేల పింఛను తీసేస్తాం అని ఎవరైనా వస్తే, పని మానతారా లేదా అన్న ఈ చర్చంతా పక్కన పెట్టి, ఆ పథకం వద్దని నేనే వాదిస్తాను.