హోమ్ లోన్ క్లోజర్ సర్టిఫికెట్, ఒరిజినల్ దస్తావేజులు ఇప్పించమని వినతి

కర్నూలు,
16-04-2025.

బ్రాంచి మేనేజర్ గారికి,
మెయిన్ బ్రాంచి, కర్నూలు.

విషయం: 4417తో ముగిసే హోమ్ లోన్ ఖాతా – 10-03-2025న పూర్తిగా చెల్లింపు – క్లోజర్ సర్టిఫికెట్, ఒరిజినల్ పత్రాలు ఇప్పించడం గురించి.

అయ్యా,

కల్లూరులో మా ఇంటి మీద నా పేరున, నా భార్య లక్ష్మీదేవి పేరున కలిపి 2011 జూన్‌లో మీ బ్రాంచిలో ₹9,50,000 హోమ్ లోన్ తీసుకున్నాం. ఇంకా పదిహేను కంతులు ఉండగానే, ఆర్టీసీలో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో లోన్ మొత్తం తీర్చేశాం. మీ బ్రాంచి ఇచ్చిన ఫోర్‌క్లోజర్ లెటర్ ప్రకారం ₹1,43,580 మార్చి 10న కట్టాం. రసీదు నకలు జత చేశాను. ఆ రోజు కౌంటర్‌లో ఉన్న మేడమ్ ఖాతా సున్నా అయిందని స్క్రీన్ మీద చూపించారు కూడా.

కాగితాలు మాత్రం ఇంకా రాలేదు. ఎప్పుడు అడిగినా "స్టోరేజీ నుంచి రావాలి, వచ్చాక ఫోన్ చేస్తాం" అంటున్నారు. నోటిమాటగా అడిగితే పని జరగడం లేదు కాబట్టి ఈ లెటర్ రాస్తున్నాను. దయచేసి దీని నకలు మీద స్టాంపు, తేదీ వేసి ఇప్పించండి.

మాకు కావలసినవి ఇవి. లోన్ బాకీ ఏమీ లేదని మా ఇద్దరి పేర్లతో క్లోజర్ సర్టిఫికెట్. మా 2009 నాటి క్రయ దస్తావేజు ఒరిజినల్, దాని లింకు డాక్యుమెంట్లు, కార్పొరేషన్ ప్లాన్ అప్రూవల్. లోన్ ఇచ్చేటప్పుడు సంతకం పెట్టించి తీసుకున్న ఖాళీ చెక్కులు. లింకు డాక్యుమెంట్లలో 1987 నాటి స్టాంపు పేపర్ల దస్తావేజు ఒకటుంది. రెండో పేజీ కింది మూల చిరిగితే పాత యజమానే వెనక టేపు వేశారు, అమ్మినాయన వేలిముద్ర ఆ టేపు పక్కనే ఉంటుంది. నకలు తీసుకుని సర్దుకోవడానికి లేని కాగితం అది. 2011లో పత్రాలు తీసుకుంటూ మీ ఆఫీసరు ఒక్కొక్కటీ రాసి సంతకం చేసిన లిస్టు నా దగ్గర భద్రంగా ఉంది. అప్పగించేటప్పుడు ఆ లిస్టుతో సరిచూసుకుని తీసుకుంటాం.

ఇంకో ముఖ్యమైన పని ఉంది. ఇల్లు మా ఇద్దరమ్మాయిలకు దాన సెటిల్‌మెంట్ చేద్దామని మొన్న ఈసీ తీయిస్తే, మీ బ్యాంకు పేరున రిజిస్టరైన తనఖా ఇంకా అలాగే కనిపిస్తోంది. క్లోజర్ సర్టిఫికెట్ ఒక్కటి చేతికిస్తే అది పోదు. బ్యాంకు తరఫున అధికారమున్న ఆఫీసరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయించాలి. ఏ రోజు వీలవుతుందో చెబితే స్లాట్ మేమే బుక్ చేసుకుంటాం. అలాగే సెర్సాయ్‌లో ఛార్జ్ తీసేయించి, సిబిల్‌కు లోన్ ముగిసినట్టు పంపించండి.

లోన్ తీరిపోయాక కూడా ఏప్రిల్ 5న వేరే బ్యాంకులోని నా పెన్షన్ ఖాతా నుంచి ₹10,210 కంతు కట్ అయింది. ఆ మొత్తం తిరిగి జమ చేసి, ఆటో డెబిట్ రద్దు చేయండి. మే 5న మళ్లీ కట్ అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఆర్బీఐ 13-09-2023న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, లోన్ పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు ఒరిజినల్ పత్రాలు ఇచ్చేసి, రిజిస్టరైన ఛార్జ్ కూడా తీసేయించాలి. మా గడువు ఏప్రిల్ 9తో అయిపోయింది. ఆలస్యమైతే కారణం లోన్ తీసుకున్నవారికి తెలియజేయాలి. తప్పు బ్యాంకుదైతే రోజుకు ₹5,000 చొప్పున పరిహారం ఇవ్వాలి. ఆ డబ్బు కోసం నేను ఈ లెటర్ రాయడం లేదు, మాకు కాగితాలు ముఖ్యం. అలాగని ఆ హక్కు వదులుకున్నట్టూ కాదు. ఒకవేళ ఏదైనా పత్రం దొరకడం లేదంటే ఆ సంగతి ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పండి. అలాంటప్పుడు సర్టిఫైడ్ నకళ్లు తీయించడంలో సాయం చేసి, ఖర్చు బ్యాంకే భరించాలని అదే సర్క్యులర్‌లో ఉంది. దాచిపెట్టి నెలల తరబడి తిప్పడం మీకూ మంచిది కాదు, మాకూ కాదు.

పత్రాలు ఏ రోజు ఇస్తారో ఏప్రిల్ 25లోపు రాతపూర్వకంగా తెలియజేయండి. మీ బ్రాంచిలోనే తీసుకుంటాం. ఇద్దరం ఆధార్, పాన్ ఒరిజినల్స్‌తో వస్తాం. లక్ష్మీదేవికి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. సంతకాలు కింది హాల్లోనే పెట్టించుకునే ఏర్పాటు చేయగలరు. ఈ లెటర్ మీద 30 రోజుల్లో పరిష్కారం రాకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేసుకోవలసి వస్తుంది.

ఇట్లు,
కె. మద్దిలేటి
కె. లక్ష్మీదేవి
కల్లూరు, కర్నూలు.

జతపరచినవి: మార్చి 10 రసీదు, ఫోర్‌క్లోజర్ లెటర్, 2011 నాటి పత్రాల లిస్టు, తాజా ఈసీ, ఏప్రిల్ 5 డెబిట్ కనిపించే పాస్‌బుక్ పేజీ – అన్నీ నకళ్లే.