సబ్జెక్ట్: పూర్తిగా కట్టేసిన బండి లోన్ ఇంకా డిఫాల్ట్‌లోనే ఉంది, సరిచేయండి (లోన్ నంబర్ చివర 4471)

టు: క్రెడిట్ బ్యూరో డిస్ప్యూట్ విభాగం, ఫైనాన్స్ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్
తేదీ: 9 జూన్ 2025

సార్/మేడమ్,

ఇద్దరికీ కలిపి ఒకే మెయిల్ పెడతా ఉన్నా. ఎందుకంటే బ్యూరోని అడిగితే కంపెనీ డేటా పంపాల అంటారు, లీలామహల్ సర్కిల్ దగ్గర బ్రాంచ్‌లో అడిగితే మా సిస్టంలో ఎప్పుడో క్లోజ్ అయిపోయింది బ్యూరోతోనే మాట్లాడుకోండి అంటారు.

2024 సెప్టెంబర్, అక్టోబర్ కిస్తీలు టైముకి పడలేదు, నిజమే, ఆ రెండు నెలల లేటుని తీసేయమని నేను అడగట్లా. నవంబర్ 12న మీ ఫోర్‌క్లోజర్ లెటర్‌లో రాసిన 18,640 రూపాయలు పెనాల్టీతో సహా ఒక్క రూపాయి తగ్గించమనకుండా యూపీఐలో కట్టేసినా, 20న ఎన్ఓసీ, ఫారం 35 ఇచ్చినారు, వాటితోనే ఆర్సీలో హైపోతికేషన్ కూడా తీయించుకున్నా. బాకీ ఉంటే ఫారం 35 మీద మీరే సంతకం పెట్టి ఇస్తారా?

జూన్ 3న తీసిన రిపోర్ట్‌లో మాత్రం అకౌంట్ ఓపెన్‌లోనే ఉంది, ఓవర్‌డ్యూ 18,640, మే నెల డీపీడీ 268, కింద సబ్‌స్టాండర్డ్ అని. అంటే కట్టేసిన నాటి నుంచి కూడా రోజులు లెక్కేసుకుంటానే పోయినారు. రేణిగుంటలో అంగడి పెట్టుకుందామని బ్యాంక్‌లో ముద్ర లోన్‌కి అప్లై చేస్తే మేనేజర్ ఈ ఒక్క లైన్ చూసి ఫైల్ పక్కన పెట్టేసినారు.

కంపెనీ వాళ్ళు చేయాల్సింది: అకౌంట్‌ని 12-11-2024 తేదీతో క్లోజ్డ్ అని, బ్యాలెన్స్ సున్నా, ఓవర్‌డ్యూ సున్నా అని, ఆ తర్వాత నెలల డీపీడీ తీసేసి బ్యూరోకి పంపాల, మీరు డేటా పంపే మిగతా బ్యూరోలకి కూడా. దయచేసి సెటిల్డ్ అని మాత్రం వేయొద్దు, సెటిల్డ్ అంటే తగ్గించి కట్టినట్టు, బ్యాంకోళ్ళు దాన్నీ మచ్చగానే చూస్తారు.

బ్యూరో వాళ్ళు పోయినసారి నా ఆన్‌లైన్ డిస్ప్యూట్‌ని "కంపెనీ కన్ఫర్మ్ చేసింది" అని ఒక ముక్కతో మూసేసినారు. ఈసారి ఎన్ఓసీ చూపించి అడగండి, సరిచేసినాక కొత్త రిపోర్ట్ నాకు పంపండి.

ఆర్‌బీఐ రూల్ మీకు తెలిసిందే, కంప్లైంట్ ఇచ్చిన 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాల, కంపెనీ సరిచేసిన డేటా 21 రోజుల్లో పంపాల. 30 రోజులు దాటితే cms.rbi.org.in లో అంబుడ్స్‌మన్‌కి పెడతా, ఈ మెయిలే అక్కడ జతచేస్తా.

ఫోర్‌క్లోజర్ లెటర్, యూపీఐ రసీదు, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఎన్ఓసీ, ఆర్సీ కాపీ, జూన్ 3 రిపోర్ట్, పాన్ కాపీ జతచేసినా. రెండు వైపులా కంప్లైంట్ నంబర్ ఇదే మెయిల్‌కి రిప్లైలో ఇవ్వండి, ఫోన్లో చెప్తే నాకు రికార్డ్ ఉండదు.

ఇట్లు,
మునిరత్నం
కొర్లగుంట, తిరుపతి