విశేషమేమన్నా ఉందా అని అడిగే మా వాళ్లకు

మాకు పెళ్లయి చాలా ఏండ్లయింది, పిల్లలు ఇంకా కాలేదు. మా చుట్టాలందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా ఏ ఫంక్షన్‌లో కలిసినా అదే అడుగుతారు, అందుకే రాస్తున్నా.

మొదట్లో "విశేషమేమన్నా ఉందా?" అని నవ్వుతూ అడిగేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. తర్వాత గొంతులు మారినయి. "ఇంకెన్నేండ్లు బిడ్డా, వయసు ఆగుతదా?" ఆ తర్వాత వంటింట్లోకి పిలిచి మెల్లగా "లోపం ఎవరిదన్నరు?" మా మేనత్త అయితే పరకాలలో ఒక పెళ్లిలో బంతిలో కూర్చున్నప్పుడు, చుట్టూ అందరూ వింటుండగానే, నెలనెలా సరిగ్గా వస్తుందా అని అడిగింది. మా ఆయన నా పక్కనే తింటున్నాడు. ఆయన్ని మాత్రం ఉద్యోగం ఎట్లుందని అడిగింది.

నాకు అన్నిటికంటే బాధ అక్కడే. ఏడాది ప్రయత్నించినా నెల తప్పకపోతే, ఆడమనిషికి 35 దాటితే ఆరు నెలలకే, భార్యాభర్తలిద్దరూ పరీక్షలు చేయించుకోవాలి. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ల వైపు నుంచి కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. మగవాళ్లకు మొదట చేసే వీర్యపరీక్షలో సూది లేదు, నొప్పి లేదు. అయినా మా ఇంట్లో నాకు థైరాయిడ్, గుడ్ల నిల్వ ఎంతుందో చూసే ఏఎంహెచ్, ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే ఎక్స్‌రే (అది తీస్తున్నప్పుడు వచ్చిన కడుపునొప్పి ఇప్పటికీ మర్చిపోలేను) అన్నీ అయినంకనే ఆయన వంతు వచ్చింది, అదీ డాక్టరమ్మ గట్టిగా చెప్పినంకనే. ఆయన రిపోర్టులో ఏముందో ఎవరికీ చెప్పం.

ఆ నెలల్లో పొద్దున్నే ఏమీ తినకుండా హన్మకొండకు ఉరికి, గుడ్డు ఎన్ని మిల్లీమీటర్లు పెరిగిందో స్కాన్‌లో చూపించుకుని, 18 దాటిందంటే అది విడుదలయ్యేందుకు ఇంజెక్షన్ వేయించుకుని, ఆ పైన రెండు వారాలు ప్రతి చిన్న నొప్పికీ టెన్షన్ పడుతూ ఉండేదాన్ని, సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు ఫోన్ చేసి "మంచి మాట ఎప్పుడు చెప్తవ్?" అనేవాళ్లు. ఆ ఫోన్ పెట్టేసి బాత్రూంలో ఏడ్చిన రోజులున్నయి.

మేడారం పోయి సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం మొక్కుకున్నాం. అది ఎవరో పొమ్మంటే పోయింది కాదు, ఆ తల్లంటే నాకు నమ్మకం. కానీ వేరే ఊరి చెట్టుమందు, పసరు పట్టుకొచ్చి నా చేతిలో పెట్టకండి, హాస్పిటల్ మందులు వాడుతూ నేనవి తాగను.

ఇంకొక్కటి. మా ఆడబిడ్డ కూతురి శ్రీమంతంలో అందరూ గాజులు తొడుగుతుంటే నా వంతు రాగానే ఒక పెద్దమ్మ పళ్లెం పక్కకు జరిపింది. ఆ పిల్లను ఎత్తుకుని పెంచినదాన్ని నేను. పెద్దమ్మా, వచ్చే నెల ఆ పిల్ల కొడుకును తొట్లెలో వేస్తున్నారు, నేను వస్తున్నా, ముందు వరుసలోనే కూర్చుంటా. నన్నేమన్నా అడగాలనిపిస్తే ఆరోగ్యం ఎట్లుందో అడుగు, చెప్తా.