రాజీనామా లేఖ: జరిగిపోయిన పనులు, జరగబోయే పనులు

కుండలీకరణాల్లోని క్రియను సరైన రూపంలోకి మార్చి ఖాళీలో రాయండి. పని ఇప్పటికే అయిపోయిందా, ఇకపై జరగాల్సి ఉందా అన్నది తేదీలు, ‘ఇప్పటికే’, ‘ఇంకా’, ‘నాటికి’ వంటి మాటలు చెబుతాయి.

జూన్ 1

అకౌంట్స్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: ఉద్యోగానికి రాజీనామా

నమస్కారం అండి.

అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నియామక పత్రం ప్రకారం 30 రోజుల నోటీసు ఇవ్వాలి కాబట్టి జూన్ 30 వరకు విధులకు (1) ……… (హాజరవు).

ఈ నాలుగేళ్లలో బిల్లుల నమోదు, జీతాల పట్టిక, బ్యాంకు రీకన్సిలియేషన్ మీ దగ్గరే (2) ……… (నేర్చుకొను). అందుకు కృతజ్ఞతలు.

మే నెల జీతాల పట్టికను మీకు ఇప్పటికే (3) ……… (పంపు). మేలో బ్యాంకులో వేసిన రెండు చెక్కుల సొమ్ము మాత్రం ఇంకా (4) ……… (జమ అవు). కొత్త స్టేట్‌మెంట్ రాగానే ఆ పద్దులు సరిచూసి మీకు (5) ……… (తెలియజేయు).

నా పని చూడబోయే సహోద్యోగితో మాట్లాడాను. జూన్ 15 నుంచి రోజూ గంటసేపు నా దగ్గర కూర్చోవడానికి ఆయన (6) ……… (ఒప్పుకొను). జూన్ 25 నాటికి అప్పగింత పత్రం పూర్తిగా (7) ……… (రాయు).

లాప్‌టాప్, గుర్తింపు కార్డు, బీరువా తాళాలు చివరి రోజున (8) ……… (అప్పగించు). ఆఫీసు ఫైళ్ల ప్రతులేవీ వెంట (9) ……… (తీసుకెళ్లు).

రిలీవింగ్ లెటర్ ఇప్పించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
మీ విధేయురాలు

జవాబులు

1. హాజరవుతాను 2. నేర్చుకున్నాను 3. పంపాను, లేదా పంపి ఉన్నాను 4. జమ కాలేదు 5. తెలియజేస్తాను 6. ఒప్పుకున్నారు 7. రాసి ఉంటాను 8. అప్పగిస్తాను 9. తీసుకెళ్లను

ఎక్కువమంది తప్పేది 4లో. ‘జమ కాదు’ అంటే ఇకముందు కూడా పడదని అర్థం వస్తుంది, మేనేజర్ కంగారు పడతారు. ఇప్పటిదాకా జరగని పనికి ‘లేదు’ రావాలి. ‘నేను పంపలేదు, వారు పంపలేదు’ అన్నట్టు ఇది ఎవరి విషయంలోనైనా మారదు. రాబోయే పనిని కాదనేటప్పుడు అలా కుదరదు, కర్తను బట్టి మారుతుంది: తీసుకెళ్లను, తీసుకెళ్లం, తీసుకెళ్లరు.

3లో రెండూ సరైనవే. ‘పంపి ఉన్నాను’ ఆఫీసు ఉత్తరాల వాసన ఉన్న మాట. ‘ఇప్పటికే’ ఉంది కాబట్టి ‘పంపాను’ చాలు. 2లో మాత్రం ‘నేర్చుకుని ఉన్నాను’ అని రాయకండి, చెవికి అతకదు.

7లో ‘రాస్తాను’ తప్పు కాదు గానీ, ‘రాసి ఉంటాను’ అంటేనే ఆ తేదీకల్లా పని ముగిసి చేతిలో ఉంటుందని స్పష్టమవుతుంది.

6లో ‘ఆయన’ అన్నాక ‘ఒప్పుకున్నాడు’ అని రాస్తే గౌరవం తగ్గుతుంది.