లఘులోలకం: L–T² గ్రాఫు వాలు నుంచి g విలువ

(ఇంటర్ మొదటి సంవత్సరం రెండో బ్యాచ్, విజయనగరం. మీ రీడింగులతోనే రాశాను, రికార్డులో ఎక్కించుకునే ముందు ఒకసారి చదవండి.)

సోమవారం మీరు తీసిన రీడింగులు ఇవి. ఫ్యాన్లు ఆపి, గోళాన్ని కొద్దిగానే పక్కకు లాగి వదిలారు. మీటరు పొడవుకి 8 సెంటీమీటర్లు లాగితే కోణం 5 డిగ్రీల లోపే ఉంటుంది, మన సూత్రానికి అది చాలు. 20 డోలనాల కాలాన్ని స్టాప్ వాచ్‌తో కొలిచారు.

| L (సెం.మీ.) | 20 డోలనాలకు (సె.) | T (సె.) | T² (సె²) | L/T² |
|---|---|---|---|---|
| 60 | 31.6 | 1.580 | 2.496 | 24.04 |
| 70 | 34.1 | 1.705 | 2.907 | 24.08 |
| 80 | 36.3 | 1.815 | 3.294 | 24.29 |
| 90 | 38.5 | 1.925 | 3.706 | 24.28 |
| 100 | 40.6 | 2.030 | 4.121 | 24.27 |
| 110 | 42.5 | 2.125 | 4.516 | 24.36 |

ఒక్క డోలనమే కొలిస్తే వేలు నొక్కడంలో వచ్చే పదో వంతు సెకను తేడా మొత్తం T మీదే పడుతుంది. ఇరవై కొలిస్తే అదే తేడా ఇరవై భాగాలైపోతుంది.

ఆఖరి గడి సగటు 24.22. దాన్ని 4π² తో, అంటే 39.48 తో గుణిస్తే g = 956 సెం.మీ/సె². చాలామంది ఇక్కడే ఆగిపోయారు. ఆగకండి. ఆ గడిని పై నుంచి కిందికి చూడండి: 24.04తో మొదలై 24.36 దాకా వెళ్ళింది. చేతి పొరపాట్లే అయితే విలువలు అటూ ఇటూ ఊగాలి. ఇవి మాత్రం పొడవుతో పాటు పైకే పోతున్నాయి. పట్టికలో ఏదో ఒకే రకం తప్పు అన్ని వరసల్లోనూ కూర్చుంది. అదేమిటో గ్రాఫు చెబుతుంది.

గ్రాఫు కాగితాన్ని అడ్డంగా పెట్టుకోండి. X అక్షం మీద T²: 1 సెం.మీ. = 0.2 సె². Y అక్షం మీద L: 1 సెం.మీ. = 10 సెం.మీ. రెండు అక్షాలూ సున్నా నుంచే మొదలవ్వాలి, X అక్షం కింద ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచండి. ఆ ఖాళీ ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. బిందువులను సన్నటి పెన్సిలుతో గుర్తించి చుట్టూ చిన్న వృత్తం గీయండి. తర్వాత పారదర్శకమైన స్కేలు పెట్టి, బిందువులు గీతకి రెండు వైపులా సమంగా పడేలా ఒకే సరళరేఖ గీయండి. మూలబిందువు గుండా పోవాలని దాన్ని బలవంతంగా వంచొద్దు. పుస్తకంలో అలా ఉంది కదా అని లాగేస్తే, మీరు కొలిచింది పక్కకు పోయి, మీరు ముందే అనుకున్నది కాగితం మీదికి వస్తుంది.

వాలు కోసం పట్టికలోని బిందువులను వాడకూడదు. గీత మీదే, దూరంగా ఉన్న రెండు బిందువులు తీసుకోవాలి. మన గీత మీద (2.58, 62), (4.44, 108) దొరికాయి.

వాలు = (108 − 62) / (4.44 − 2.58) = 46 / 1.86 = 24.73 సెం.మీ/సె²

g = 4π² × వాలు = 39.48 × 24.73 = 976 సెం.మీ/సె²

అవే రీడింగులు, కానీ సగటుకీ వాలుకీ 20 తేడా. గీతని కిందికి పొడిగించండి. అది Y అక్షాన్ని సున్నా దగ్గర కాకుండా రెండు చిన్న గళ్ల కింద ఖండిస్తుంది. లెక్కలో: 62 − 24.73 × 2.58 = −1.8 సెం.మీ. అంటే ప్రతి పొడవునూ మీరు 1.8 సెం.మీ. తక్కువ రాశారు. దారాన్ని కొక్కెం దాకానే కొలిచారు. లోలకం పొడవంటే వేలాడదీసిన చోటు నుంచి గోళం కేంద్రం దాకా. నిన్న సాయంత్రం అదే గోళాన్ని వెర్నియర్ కాలిపర్స్‌లో పెట్టి చూశాను: వ్యాసార్థం 1.25, కొక్కెం 0.6, కలిపి 1.85. గీత చెప్పినదానితో కలిసింది!

అన్ని పొడవుల్లోనూ ఒకే మొత్తం తగ్గితే గీత మొత్తంగా కిందికి జరుగుతుందే తప్ప దాని వాలు మారదు. అందుకే సగటుని నమ్మకుండా గ్రాఫు గీయమంటున్నాను. కొందరు L/T² గడిని 24.8 దగ్గరికి దిద్ది తెచ్చారు. ఆ దిద్దుబాటుతో ఈ 1.8 కనబడకుండా పోయింది, నాకు బాధగా ఉంది.

ఇంకో మాట. జవాబు 981 రాలేదని బెంగ వద్దు. g అన్ని చోట్లా ఒకటి కాదు: భూమధ్యరేఖ దగ్గర సుమారు 978.0, ధ్రువాల దగ్గర 983.2. 1672లో ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్ రిషే పారిస్ నుంచి భూమధ్యరేఖకు దగ్గర్లో ఉన్న కేయెన్‌కి తీసుకెళ్ళిన లోలక గడియారం అక్కడ రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడింది, కారణం ఇదే. మన విజయనగరం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఇక్కడ g దాదాపు 978.5. మనకొచ్చింది 976, తేడా 0.3 శాతం లోపే.

రికార్డులో పట్టిక పక్కన మీరు కొలిచిన పొడవులే ఉంచండి, దిద్దకండి. గ్రాఫు కింద "Y అక్షంపై ఖండన: −1.8 సెం.మీ.; కారణం: గోళం వ్యాసార్థం, కొక్కెం కలపలేదు" అని రాసి, గురువారం తీసుకురండి.